సంక్రాంతికి నెక్సాన్ ఈవీలో హైదరాబాద్ – వైజాగ్ – అరకు: ఎక్కడ చార్జ్ పెట్టాలి, ఎంత మిగుల్చుకోవాలి?

నాగోలు_నెక్సాన్ · జనవరి 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నెక్సాన్ ఈవీ, 40.5 యూనిట్ల బ్యాటరీ. కొని 7 నెలలైంది. ఇప్పటిదాకా యాదగిరిగుట్ట దాటి వెళ్లలేదు. ఈసారి సంక్రాంతికి నాన్న, అమ్మ, మా ఆవిడ, ఆరేళ్ల బాబు, నేను కలిసి రాజమండ్రి, వైజాగ్, అక్కడి నుంచి అరకు వెళ్దామనుకుంటున్నాం. 11న తెల్లవారుజామున బయల్దేరాలి. మొదటి రాత్రి రాజమండ్రిలో, అక్కడ హోటల్‌లోనే రాత్రి చార్జింగ్ పెడదామని.

నాకు లెక్క తేలడం లేదు. యాప్‌లో చూస్తే దారి పొడవునా చార్జర్లే. కానీ కింద కామెంట్లు చదివితే సగం పనిచేయవంటున్నారు. ఎంత శాతం ఉన్నప్పుడు ఆగాలి? ఎంత మిగలగానే కంగారు పడాలి? నాన్న మాత్రం "అద్దెకు డీజిల్ బండి తీసుకుపోదాం, పండగ పూట రోడ్డు మీద కూర్చోలేను" అని రోజుకోసారి అంటున్నారు.

సూపర్‌ఫాస్ట్ · జనవరి 4, రాత్రి 9:58

ఇందులో టెన్షన్ పడేదేముంది బ్రో? కంపెనీ రేంజ్ 465. విజయవాడ 270. నాన్‌స్టాప్‌గా ఏలూరు దాకా పోవచ్చు. ఎకో మోడ్‌లో పెట్టి ఏసీ తగ్గించు చాలు.

బెజవాడ_బండి · జనవరి 4, రాత్రి 10:25

ఏలూరు దాకా వెళ్తుంది, లారీ మీద.

465 అనేది ల్యాబులో రోలర్ల మీద వచ్చిన అంకె. నాదీ ఇదే బండి, ఇదే బ్యాటరీ, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద 90లో, అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్‌లో ఉంటే నాకు 100 కిలోమీటర్లకు 14.5 యూనిట్ల దాకా అవుతుంది. అంటే 1 శాతానికి 2.8 కిలోమీటర్లు. ప్లాన్ వేసేటప్పుడు ఆ 2.8 కూడా పెట్టుకోను. 2.5 అనే పెట్టుకుంటాను. ఎదురుగాలి, వాన, టైర్లలో గాలి తక్కువుండటం, నాన్నగారు పక్కన కూర్చుని "ఆ బస్సును దాటేయ్ రా" అనడం, అన్నీ ఆ తేడాలో సర్దుకుంటాయి.

నాగోలు గారూ, మీరు అడిగిన "ఎంత మిగలగానే కంగారు పడాలి" అన్నదానికి శాతంలో జవాబు లేదండీ. 20 శాతం అని ఒకరంటారు, 30 అని ఇంకొకరంటారు. నేను చూసేది ఒక్కటే: నేను వెళ్తున్న చార్జర్ చచ్చిపోయి ఉంటే, దాని తర్వాతి చార్జర్‌కు చేరగలనా? చేరగలిగితే 15 శాతం ఉన్నా నిశ్చింతే. చేరలేకపోతే 35 ఉన్నా ప్రమాదమే. ప్రతి ఆగే చోటుకూ వెనక ఇంకో చోటు పట్టుకుని ఉండాలి. ఆ "రెండోది" ఇంకో ఊళ్లో అయితే మంచిది. ఒకే ఆవరణలో రెండు మిషన్లుంటే కరెంటు పోయినప్పుడు రెండూ పోతాయి.

రేపు పొద్దున కూర్చుని మీ దారికి లెక్క రాస్తాను.

డాలస్_దొర · జనవరి 4, రాత్రి 10:51

ఇంత లెక్కలెందుకండీ? మా టెస్లాలో డెస్టినేషన్ కొడితే ఎక్కడ ఆగాలో, ఎన్ని నిమిషాలో అదే చెప్తుంది. మొన్న హ్యూస్టన్ అలాగే వెళ్లొచ్చాం. అక్కడా అలా ప్లానర్ యాప్‌లు ఉంటాయి కదా, వాటికి వదిలేయండి.

తుని_తమలపాకు · జనవరి 4, రాత్రి 11:02

దొరగారూ, ప్లానర్ మాకూ ఉంది. సూర్యాపేటలో చార్జింగ్ గన్ను కోసం నలుగురు నిలబడ్డారని అది చెప్పదు కదా.

బెజవాడ_బండి · జనవరి 5, ఉదయం 7:15

లెక్క ఇదిగో. దూరాలన్నీ ఎల్‌బీ నగర్ నుంచి సుమారుగా వేస్తున్నాను, మీ ఇంటి నుంచి కాస్త కలుపుకోండి.

సూర్యాపేట 130. శాతానికి 2.5 చొప్పున 52 పోతాయి, 48తో చేరతారు. కోదాడ 170. అక్కడికి 32తో చేరతారు. నందిగామ 215, అక్కడికి 14.

ఇప్పుడు చూడండి. సూర్యాపేటలో మీ చేతిలో 48 ఉంది. చాలామంది "ఇంకా సగం ఉంది కదా, ఎందుకు ఆగడం" అని దాటేస్తారు. నేను అక్కడ లోపలికి వెళ్లి చూస్తాను. ఖాళీగా ఉంటే పెట్టేస్తాను. క్యూ ఉంటే టీ కూడా తాగకుండా కోదాడ పోతాను. కోదాడలోనూ కుదరకపోతే నందిగామ ఉంది, 14తో చేరతాను. అంటే సూర్యాపేటలో నాకు మూడు అవకాశాలు. అదే సూర్యాపేట వదిలేసి కోదాడే నమ్ముకుంటే రెండు. నందిగామే అనుకుంటే ఒక్కటే, అది పోతే ఫోన్ తీసి టోయింగ్ వాడికి కొట్టడమే.

సూర్యాపేటలో 48 నుంచి 85 దాకా పెట్టండి. 37 శాతమంటే 15 యూనిట్లు, మన బండి గుంజేది సుమారు 30 కిలోవాట్లు, కాబట్టి అరగంట. టిఫినుకు అంత టైమ్ ఎలాగూ పడుతుంది. 85 దగ్గర తీసేయండి. 80 దాటాక వేగం మెల్లగా తగ్గి, 90 దాటాక ముక్కుతూ మూలుగుతూ ఎక్కుతుంది. ఆ చివరి 10 కోసం కూర్చుంటే వెనకున్నవాడు తిట్టుకుంటాడు, మీకూ లాభం లేదు.

85తో విజయవాడ 135 కిలోమీటర్లు, 31తో దిగుతారు. అక్కడ భోజనం చేస్తూ 90 దాకా. తర్వాత రాజమండ్రి 155, 62 పోతాయి, 28తో హోటల్‌కు. మధ్యలో ఏలూరు, తాడేపల్లిగూడెం ఉన్నాయి కాబట్టి ఈ ముక్కలో బెంగ లేదు.

ఇంకో మాట. 120 కిలోవాట్ల మిషన్ కోసం వెతుక్కుంటూ పోకండి. మన బండి ఎంత పెద్ద మిషన్‌కు తగిలించినా తాగేది అంతే. 60 కిలోవాట్ల మిషన్‌కు రెండు గన్నులుండి పక్కన ఇంకో కారు పెట్టినా మీకు 30 వస్తుంది, మీకు పెద్ద తేడా తెలియదు. పండగ రద్దీలో అందరూ పెద్ద మిషన్ దగ్గర గుమిగూడితే, రెండు కిలోమీటర్ల అవతల పెట్రోల్ బంకులో 30 కిలోవాట్ల పాత మిషన్ ఈగలు తోలుకుంటూ ఉంటుంది. అది మనదే.

సూపర్‌ఫాస్ట్ · జనవరి 5, ఉదయం 8:03

90లో పోతే పొద్దు గూకుతుంది అన్నా. 105లో పోయి చార్జింగ్ దగ్గర ఇంకో పది నిమిషాలు కూర్చుంటే అంతే కదా. టైమ్ కలిసొస్తుంది.

బెజవాడ_బండి · జనవరి 5, ఉదయం 8:40

కలిసొస్తుంది, కాదనను. ఎంత అన్నదే చూడు. 130 కిలోమీటర్లు 90లో 87 నిమిషాలు, 105లో 74. ఆదా 13 నిమిషాలు. 105లో నాకు 100 కిలోమీటర్లకు 17.5 యూనిట్లు దాకా తాగుతుంది. ఆ 130కి అదనంగా 4 యూనిట్లు, అంటే 10 శాతం. అది మళ్లీ ఎక్కించడానికి 8 నిమిషాలు. మిగిలింది 5 నిమిషాలు. ఆ 5 నిమిషాల కోసం సూర్యాపేటకు 48 బదులు 38తో చేరతావు, నందిగామ అనే మూడో అవకాశం పోతుంది. రద్దీ లేని రోజు నేనూ 100లో పోతాను. సంక్రాంతికి మాత్రం పోను.

నాగోలు_నెక్సాన్ · జనవరి 5, ఉదయం 9:30

చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు కాస్త అర్థమైంది. నాన్న భయం ఇంకోటి: పంతంగి టోల్ దగ్గర గంటలు గంటలు ఆగిపోతే అక్కడే చార్జ్ అయిపోదా?

ఉక్కునగరం · జనవరి 5, ఉదయం 10:05

జామ్‌లో పోయేది టైమేనండీ, చార్జ్ కాదు. ఆగి ఉంటే మోటారుకు ఖర్చు సున్నా. జనవరి ఏసీకి కిలోవాట్ కూడా పట్టదు. గంటసేపు కదలకపోయినా 2 శాతం పోతుందేమో. 40లో పాకుతూ పోతే హైవే కన్నా తక్కువే తాగుతుంది. నాన్నగారికి చెప్పండి, డీజిల్ బండే ఆగిన చోట తాగుతుందని.

పాత_30 · జనవరి 5, ఉదయం 11:20

నాది 2020 మోడల్, 30.2 యూనిట్లదే. నేనూ రేపు పండక్కి కరీంనగర్ నుంచి నెల్లూరు పోవాలి. మొన్న నాకో వింత జరిగింది. 14 శాతం చూపిస్తూ నడుస్తోంది, ఉన్నట్టుండి 5 అయిపోయింది. రెండు నిమిషాల్లో! ఇంటికి నాలుగు కిలోమీటర్లుంది కాబట్టి బతికిపోయా. సర్వీస్‌లో అడిగితే అంతా బాగానే ఉందన్నారు. బ్యాటరీ పోయినట్టేనా? దీన్ని నమ్మి నెల్లూరు పోవచ్చా?

వోల్టు_మేస్త్రి · జనవరి 5, మధ్యాహ్నం 1:10

బ్యాటరీ పోయిందని అప్పుడే అనుకోకండి. ఎప్పుడూ 30 నుంచి 80 మధ్యే ఫాస్ట్ చార్జింగ్ పెడుతున్నారా? మన బండ్లలో ఉండేది ఎల్‌ఎఫ్‌పీ సెల్. దాని వోల్టేజీ 90 శాతం దగ్గరా, 20 దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. గ్యాస్ సిలిండర్ ఊపి చూసి ఎంతుందో చెప్పినట్టుంటుంది దాని పరిస్థితి. బండి తనలోకి వచ్చిందీ పోయిందీ కూడుకుంటూ తీసేసుకుంటూ శాతం చూపిస్తుంది. ఆ కూడికలో చిన్న చిన్న తప్పులు పేరుకుపోతాయి. 100 కొట్టినప్పుడే దానికి అసలు లెక్క తెలుస్తుంది. ఇంట్లో స్లో చార్జర్ మీద 100 దాకా పెట్టి, 100 అయ్యాక కూడా దానంతటది ఆగేదాకా ఉంచండి. రెండు మూడు సార్లు చేసి చూడండి. అప్పటికీ ఒక్కసారిగా పడుతుంటే ఏదో సెల్ బలహీనపడి ఉండొచ్చు, అప్పుడు సర్వీస్ వాళ్లను వదలకండి.

నాగోలు గారూ, మీరు కూడా 9, 10 తేదీల్లో రాత్రిళ్లు ఇంట్లో అలాగే 100 పెట్టండి. 14 అని చూపిస్తే అది నిజంగా 14 అయి ఉండాలి కదా.

ఇంకా ముఖ్యమైనది. రాజమండ్రి హోటల్‌లో రాత్రి చార్జింగ్ అన్నారు. హోటల్ వాళ్లు ఏమన్నారు?

నాగోలు_నెక్సాన్ · జనవరి 5, మధ్యాహ్నం 1:45

ఫోన్ చేశానండీ. "15 ఆంప్స్ ప్లగ్ ఉంది సార్, పార్కింగ్‌లోనే, ఎంతమంది పెట్టుకుంటారో" అన్నారు. బండితో వచ్చిన పోర్టబుల్ చార్జర్ ఉంది కదా, సరిపోతుందనుకున్నా.

వోల్టు_మేస్త్రి · జనవరి 5, మధ్యాహ్నం 2:30

"ప్లగ్ ఉంది" అన్న మాటకూ చార్జ్ అవడానికీ మధ్య చాలా దూరం ఉంది. నా కథ చెప్తాను.

పోయిన వేసవిలో ఒక ఊళ్లో హోటల్‌లో దిగాం. పార్కింగ్‌లో సాకెట్ చూపించారు. చార్జర్ పెట్టగానే ఎర్ర లైటు. కారణం, ఎర్త్ లేదు. సాకెట్‌కు పైన పెద్ద రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు. ఫ్యాన్‌కూ టీవీకీ ఎర్త్ లేకపోయినా నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మన చార్జర్ మాత్రం ఎర్త్ లేకపోతే ఒప్పుకోదు. నా మల్టీమీటర్ పెట్టి చూశా: ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 రావాలి, 90 చిల్లర ఊగుతోంది. రెండు అంతస్తులు తిరిగి చివరికి బోరు మోటారు సాకెట్ దగ్గర సరైన ఎర్త్ దొరికింది. ఫేజుకు 228, న్యూట్రల్‌కు 2. పచ్చ లైటు వచ్చింది, పడుకున్నా.

తెల్లారి చూస్తే 41. రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయి జనరేటర్ ఆన్ అయింది. చాలా జనరేటర్లకు న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపరు, దాంతో చార్జర్ మళ్లీ ఎర్ర లైటు పెట్టి కూర్చుంది. మెయిన్ కరెంటు తిరిగొచ్చినా దానంతటది మొదలుకాలేదు.

కాబట్టి హోటల్‌కు చేరగానే సామాను దించకముందే చార్జర్ పెట్టి చూడండి. గదిలోకి వెళ్లి స్నానం చేసి వచ్చి పెడదామంటే, అది పనిచేయకపోతే వేరే చార్జర్‌కు పోయే ఓపిక ఉండదు. పెట్టాక అరగంటకు దిగివచ్చి ప్లగ్ తల చేత్తో ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే తీసేయండి. 13 ఆంప్స్ పది గంటలు ఏకబిగిన గుంజడం ఆ సాకెట్ జన్మలో చూసి ఉండదు. ఇస్త్రీపెట్టె అయిదు నిమిషాలకు తీసేస్తారు, మనం తెల్లారేదాకా తీయం.

ఎక్స్‌టెన్షన్ కావాలంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 10 మీటర్లు మించకుండా, పెద్ద పిన్ను ప్లగ్‌తో కట్టించుకోండి. వాడేటప్పుడు మొత్తం విప్పి పరచండి. చుట్ట చుట్టి ఉంచితే వేడి లోపలే నిలిచి తొడుగు కరుగుతుంది.

సూపర్‌ఫాస్ట్ · జనవరి 5, మధ్యాహ్నం 2:52

ఎర్త్ లేకపోతే దానికి ఒక చిట్కా ఉంది కదా. అడాప్టర్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ చిన్న వైరు లింక్ చేస్తే చార్జర్ నమ్మేస్తుంది. మా ఫ్రెండ్ అదే వాడతాడు. నేనూ చేయించుకున్నా.

వోల్టు_మేస్త్రి · జనవరి 5, మధ్యాహ్నం 3:05

తమ్ముడూ, ఆ అడాప్టర్ ఈరోజే తీసి పారేయి. ఆ సాకెట్‌లో న్యూట్రల్ ఎక్కడైనా తెగిందనుకో, లేదా పాత వైరింగ్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉన్నాయనుకో. నీ లింక్ గుండా 230 వోల్టులు బండి బాడీకి వస్తాయి. పొద్దున్నే మంచు తడిలో చెప్పులు లేకుండా వచ్చి డోర్ పట్టుకునేది నువ్వే కానక్కర్లేదు, నీ కొడుకైనా కావచ్చు. చార్జర్ ఎర్ర లైటు పెట్టిందంటే నిన్ను కాపాడుతోందని అర్థం. దాని కళ్లు కట్టకూడదు.

సూపర్‌ఫాస్ట్ · జనవరి 5, మధ్యాహ్నం 3:20

అది ఆలోచించలేదన్నా. తీసేస్తా.

నాగోలు_నెక్సాన్ · జనవరి 5, సాయంత్రం 6:10

మేస్త్రిగారూ, భయపెట్టారు కానీ మంచిపని చేశారు. రాత్రి 9కి పెడితే పొద్దున 8కి ఎంత ఎక్కుతుంది?

వోల్టు_మేస్త్రి · జనవరి 5, సాయంత్రం 6:45

గంటకు 6 శాతం వేసుకోండి. 11 గంటలకు 66. మీరు 28తో చేరితే 94. రాత్రి వోల్టేజీ పడిపోతే ఇంకాస్త తక్కువ. హోటల్‌లో ఆ సాకెట్, ఏదైనా గీజరూ ఒకే ఎంసీబీ మీద ఉంటే తెల్లవారి 6కి ఎవరో వేడినీళ్లు పెట్టగానే ట్రిప్ అవుతుంది. అదీ చూసుకోండి.

తుని_తమలపాకు · జనవరి 5, రాత్రి 8:15

94తో బయల్దేరితే వైజాగ్ 190 కిలోమీటర్లు, 76 పోతే 18 మిగులుతుంది. మధ్యలో ఆగక్కర్లేదు. కానీ అన్నవరంలో ఎలాగూ ఆగుతారు కదా? సత్యదేవుడి ప్రసాదం తీసుకోకుండా పోతే అమ్మ ఊరుకోదు. కొండ కింద హైవే పక్కన ఎక్కడైనా ఇరవై నిమిషాలు పెట్టుకోండి. తర్వాత మా తుని, అనకాపల్లి కూడా ఉన్నాయి.

ముందురోజు సాయంత్రం యాప్‌లో ఒక పని చేయండి. ఆకుపచ్చ చుక్క చూసి నమ్మొద్దు. నెట్ కనెక్షన్ ఉంటే చాలు, మిషన్ లోపల పాడైనా ఒక్కోసారి పచ్చగానే చూపిస్తుంది. అక్కడ చివరిసారి ఎవరు ఎప్పుడు చార్జ్ చేశారో చూడండి. నిన్నో ఇవాళో ఎవరైనా పెట్టి ఉంటే బతికున్నట్టు. వారం నుంచి ఎవరూ రాయకపోతే ఆ బంకుకు ఫోన్ చేసి అడగండి. నాలుగైదు యాప్‌ల వాలెట్లలో మూడేసి వందలు ఇంట్లోనే వేసుకోండి. బంకు దగ్గర సిగ్నల్ లేక ఓటీపీ రాక నిలబడటం కన్నా నరకం లేదు.

ఉక్కునగరం · జనవరి 6, ఉదయం 6:50

అరకు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. అసలు పరీక్ష అక్కడే.

వైజాగ్ నుంచి అరకు సుమారు 115. శృంగవరపుకోట దాకా 60 చిల్లర మామూలు రోడ్డే, 25 శాతం. అక్కడి నుంచి ఘాట్. గాలికొండ దగ్గరికొచ్చేసరికి రోడ్డు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైకి వెళ్లిపోతుంది, మళ్లీ 900 చిల్లరకు దిగితే అరకు. మనుషులతో సామానుతో మీ బండి 1,800 కిలోలు అనుకోండి. దాన్ని వెయ్యి మీటర్లు ఎత్తడానికే 5 యూనిట్లు, మోటారులో పోయేది కలిపితే 5న్నర. అది 14 శాతం. దూరానికయ్యేది ఇంకో 20. అంటే 100తో బయల్దేరి అరకులో 41, 42తో దిగుతారు.

సూపర్‌ఫాస్ట్ · జనవరి 6, ఉదయం 7:30

ఎక్కేటప్పుడు పోయింది దిగేటప్పుడు రీజెన్‌లో మొత్తం తిరిగొస్తుంది కదా. కాబట్టి ఘాట్‌ను లెక్కలో వేసుకోనక్కర్లేదు.

ఉక్కునగరం · జనవరి 6, ఉదయం 8:00

కొంత నిజం. 14 ఇస్తే 8 దాకా తిరిగొస్తుంది, మిగతాది గాలికీ టైర్లకూ వేడికీ పోతుంది. అది కూడా బ్యాటరీలో చోటుంటేనే. ఒకాయన రిసార్ట్‌లో రాత్రంతా పెట్టి 100తో దిగడం మొదలుపెట్టాడు. నిండిన కుండలో నీళ్లెక్కడ పడతాయి? రీజెన్ లేదు, బండి న్యూట్రల్‌లో దొర్లినట్టు దొర్లుతోంది, ఆ మలుపుల్లో బ్రేకు మీదే కాలు. అనంతగిరి దగ్గరికొచ్చేసరికి బ్రేకుల వాసన. అరకు నుంచి 85, 90తో బయల్దేరితే చాలు, కింద వైజాగ్ దాకా రావడానికి 40 మించి పట్టదు.

ఇంకోటి, డాష్‌బోర్డులో "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అని చూపించే అంకెను ఘాట్‌లో చూడకండి. అది కాసేపటి కింద ఎంత తాగిందో దాన్నిబట్టి చెప్తుంది. ఎక్కుతుంటే 60 అని చూపించి గుండె ఆపుతుంది, దిగాక 400 అని చూపించి మోసం చేస్తుంది. శాతం ఒక్కటే చూడండి.

రిసార్ట్‌లో చార్జింగ్ దొరకదని తేలితే బండి వైజాగ్‌లో పెట్టి పొద్దున కిరండూల్ రైలెక్కండి. అద్దాల కోచ్‌లో బొర్రా సొరంగాలు చూస్తూ వెళ్లొచ్చు. పండక్కి టికెట్లు దొరికితే.

నాగోలు_నెక్సాన్ · జనవరి 6, ఉదయం 9:15

రైలు చూశానండీ, 14 దాకా వెయిటింగ్ లిస్టే. బండిలోనే. ఒకవేళ ఎక్కడైనా నిజంగా సున్నా అయితే?

బెజవాడ_బండి · జనవరి 6, ఉదయం 9:50

5 శాతం దిగకముందే పక్కకు ఆపేయండి, ట్రక్కులు పోయే లేన్‌లో ఆగిపోయేదాకా చూడొద్దు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరుకు ఫోన్ చేసి "ఈవీ, ఫ్లాట్‌బెడ్ కావాలి" అని మొదటే చెప్పండి. తాడు కట్టి లాగుతామని వచ్చే స్థానిక వాళ్లను ఒప్పుకోకండి. ముందు చక్రాలు నేలమీద తిరిగితే మోటారూ తిరుగుతుంది, అది పాడవుతుంది. ఫ్లాట్‌బెడ్ వాడు దగ్గరి చార్జర్ దాకా దించితే చాలు. పాలసీలో ఎన్ని కిలోమీటర్లు ఉచితమో ఇంట్లో ఉండగానే చదువుకోండి.

దానికన్నా ముందు, దారిలో ఊళ్లో ఏ రైస్ మిల్లో వెల్డింగ్ షాపో కనిపిస్తే అడగండి. త్రీఫేజ్ ఉన్నచోట ఎర్త్ ఉండే అవకాశం ఎక్కువ. రెండు గంటలు పెడితే 12 శాతం, 30 కిలోమీటర్లు. డబ్బులివ్వబోతే తీసుకోరు, కానీ ఇవ్వండి.

నాగోలు_నెక్సాన్ · జనవరి 16, రాత్రి 8:30

వచ్చేశాం. అంకెలు రాసుకున్నా, పెడుతున్నా.

11న 5 గంటలకు 100తో బయల్దేరాం. పంతంగి దగ్గర ముప్పావుగంట ఆగాం, 2 శాతం కూడా పోలేదు. నాన్న స్వయంగా చూశారు. సూర్యాపేటకు 47. రెండు గన్నులు, నాలుగు కార్లు క్యూలో. బెజవాడ గారి మాట గుర్తుంది, లోపలికి వెళ్లి తిప్పుకుని వచ్చేశా. కోదాడకు 32.

కోదాడలో ఒక మిషన్ స్క్రీన్ చీకటి, రెండోదాని మీద "అవుట్ ఆఫ్ సర్వీస్" అని. బంకు కుర్రాడు "నిన్నటి నుంచి అంతే సార్" అన్నాడు. నందిగామ పోదామని రివర్స్ తీస్తుంటే మా ఆవిడ "ఆ ఎర్ర బటన్ లోపలికి పోయి ఉందేంటి?" అంది. పుట్టగొడుగులా ఉండే ఎమర్జెన్సీ బటన్. ఎవరో నొక్కేసి పోయారు. బాణం గుర్తు వైపు తిప్పితే టప్‌మని పైకొచ్చింది. రెండు నిమిషాలకు స్క్రీన్ మళ్లీ లేచింది, 29 కిలోవాట్లతో ఎక్కడం మొదలైంది. మాది అయ్యేలోపు వెనక ఇద్దరొచ్చారు. ఆ కుర్రాడికి చూపించి వచ్చా.

రాజమండ్రి హోటల్‌లో మేస్త్రిగారు చెప్పినట్టే మొదటి సాకెట్‌కు ఎర్ర లైటు. లిఫ్టు గది పక్కనున్న దానికి పచ్చ. కానీ రాత్రి రెండు గంటలు కరెంటు లేదు. వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచా, కరెంటు రాగానే లేపాడు, తీసి మళ్లీ పెట్టా. పొద్దున 81. అన్నవరం దర్శనానికి వెళ్లేముందు కింద పెట్టి 75 దాకా తీసుకెళ్లా. వైజాగ్‌కు 27.

అరకులో 40తో దిగాం. ఉక్కునగరం గారూ, మీ లెక్కకు ఒక శాతం తేడా. రిసార్ట్‌లో 88 కాగానే తీసేశా.

ఒక్కటి మాత్రం తేలలేదు. రాజమండ్రి నుంచి వైజాగ్ వెళ్తుంటే శాతానికి 2.4 వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అదే రోడ్డు, అదే 90, వచ్చింది 2.8. ఎందుకంటారు?

తుని_తమలపాకు · జనవరి 16, రాత్రి 8:50

జనవరిలో ఈశాన్యం గాలి. వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. మాకు మామూలే.

బెజవాడ_బండి · జనవరి 16, రాత్రి 9:20

గాలికి అంత తేడా రాదేమో. అరకులో చలికి టైర్లలో గాలి ఏమైనా కొట్టించారా? వెళ్లేటప్పుడు ఎంతుంది?

నాగోలు_నెక్సాన్ · జనవరి 16, రాత్రి 9:35

వైజాగ్‌లో కొట్టించా. వెళ్లేటప్పుడు ఎంతుందో చూడలేదండీ. అమ్మ పిండివంటల డబ్బాలు కూడా వెళ్లేటప్పుడే ఉన్నాయి, వచ్చేటప్పుడు ఖాళీ.

పాత_30 · జనవరి 16, రాత్రి 10:10

నేను నెల్లూరు బస్సులో పోయా. రెండుసార్లు 100 పెట్టాక ఇప్పుడు 14 నుంచి 9కి పడుతోంది. ఇది మెరుగైనట్టా, కాదా?

వోల్టు_మేస్త్రి · జనవరి 16, రాత్రి 10:40

ఇంకోసారి పెట్టి చూడండి. 100 అయ్యాక ఎంతసేపటికి ఆగిందో ఈసారి టైమ్ రాయండి.